గృహరుణం ఈఎంఐ: అసలెంత, వడ్డీ ఎంత, ముందుగా కొంత కడితే ఎన్ని నెలలు తగ్గుతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకులో అప్పుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పాలకొల్లులో ఉంటాను. దాళ్వా ధాన్యం డబ్బు చేతికొచ్చే మే, జూన్ నెలల్లో తెలిసినవాళ్లు లోన్ స్టేట్‌మెంట్లు పట్టుకుని మా ఇంటికి వస్తారు. ప్రశ్నలు ఏటా దాదాపు అవే కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను. అన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాను. మా వీధిలోనే ఉండే ఒక టీచరు ఇల్లు కట్టుకోవడానికి 30 లక్షలు తీసుకున్నారు. వడ్డీ ఏడాదికి 9 శాతం, గడువు 20 ఏళ్లు, అంటే 240 వాయిదాలు. ఈఎంఐ 26,992 రూపాయలు. లెక్క సులువుగా ఉండాలని వడ్డీ రేటు మారలేదనే అనుకుందాం. మారితే ఏమవుతుందో తర్వాత చెబుతాను.

రెండేళ్లు ఆరున్నర లక్షలు కట్టాను. అసలు లక్షా పదిహేడు వేలే తగ్గింది. బ్యాంకు వడ్డీ అంతా ముందే లాగేసుకుంటోందా?

టీచరుగారు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. అడిగేటప్పుడు గొంతులో కొంత కోపం కూడా ఉంది. బ్యాంకు ముందుగా లాగేది ఏమీ లేదు. ఏ నెలకు ఆ నెల మిగిలి ఉన్న బాకీ మీదే వడ్డీ వేస్తుంది. మన ఊళ్లో వడ్డీని నూటికి నెలకు ఇంత అని చెప్పుకుంటాం కదా, ఆ లెక్కలో 9 శాతం అంటే ముప్పావలా వడ్డీ. నూటికి నెలకు 75 పైసలు.

మొదటి నెల బాకీ 30 లక్షలు. దాని మీద ముప్పావలా చొప్పున వడ్డీ 22,500. కట్టింది 26,992. వడ్డీ పోగా మిగిలిన 4,492 రూపాయలే అసలులో జమ అవుతాయి. కౌలు చేసేవారికి ఇది చప్పున అర్థమవుతుంది. కళ్లంలో ముందు భూమిగలవారి బస్తాలు కొలిచి పక్కన పెట్టాకే మిగిలింది రైతు ఇంటికి చేరుతుంది. ఇక్కడ కూడా ముందు వడ్డీ, తర్వాతే అసలు.

రెండో నెల బాకీ 29,95,508. దాని మీద వడ్డీ 22,466. అంటే 34 రూపాయలు తగ్గింది. ఈఎంఐ మారదు కాబట్టి ఆ 34 రూపాయలూ అసలు వైపు చేరి, 4,492 కాస్తా 4,526 అవుతుంది. మూడో నెల ఇంకొంచెం పెరుగుతుంది. ఇరవై ఏళ్లూ జరిగేది ఇదే. మొదట్లో నత్తనడక, చివర్లో పరుగు.

ఆ నత్తనడక ఎంతకాలమంటే, ఈఎంఐలో వడ్డీ కంటే అసలు వాటా మొదటిసారి ఎక్కువయ్యేది 149వ నెలలో. అప్పటికి పన్నెండేళ్లు దాటిపోతాయి. 30 లక్షల్లో సగం తీరడానికి 14 ఏళ్లు పడుతుంది. మిగతా సగం ఆరేళ్లలో తీరిపోతుంది. గడువంతా కడితే మొత్తం వడ్డీ 34 లక్షల 78 వేలు. అసలు కంటే ఎక్కువ. ఈ అంకె చూసి చాలామంది మోసపోయామనుకుంటారు. పెద్ద బాకీని ఎక్కువ కాలం ఉంచుకున్నందుకు పడిన అద్దె అది, మోసం కాదు.

ముందుగా 2 లక్షలు కడితే నిజంగా ఎంత తగ్గుతుంది?

టీచరుగారి దగ్గర దాళ్వా కౌలు డబ్బు, దాచుకున్నది కలిపి 2 లక్షలు ఉన్నాయి. అప్పటికి 24 వాయిదాలు కట్టారు. బాకీ 28,82,368. ఇంకా 216 వాయిదాలు మిగిలాయి. 2 లక్షలు కడితే బాకీ 26,82,368 అవుతుంది.

ఇప్పుడు బ్యాంకు ఇచ్చిన వాయిదాల పట్టిక తీసి చూడండి. అందులో ప్రతి వరుసలో ఆ నెల వడ్డీ, అసలు, ఆ తర్వాత మిగిలే బాకీ ఉంటాయి. 24వ వరుస దగ్గర వేలు పెట్టి కిందికి వస్తుంటే, బాకీ 26 లక్షల 82 వేలకు దిగేది 57వ వరుసలో. అంటే టీచరుగారు ఒక్క రోజులో 24వ వరుస నుంచి 57వ వరుసకు గెంతారు. మధ్యలోని 33 వరుసలు కట్టనవసరం లేదు. ఆ వరుసల్లో ఉన్న అసలు మొత్తం దాదాపు 2 లక్షలు, అదే ఆయన ఇప్పుడు కట్టింది. ఆ వరుసల్లోనే ఉన్న వడ్డీ మొత్తం దాదాపు 6 లక్షల 89 వేలు, అది ఆయనకు మిగిలింది.

నేను పెన్సిలుతో ఆ 33 వరుసలకూ అడ్డంగా ఒక గీత గీసి కాగితం ఆయన చేతిలో పెట్టాను. అంతకుముందు అరగంట చెప్పిన మాటలకంటే ఆ గీత ఎక్కువ పనిచేసింది.

ఒక సంగతి గుర్తుంచుకోండి. తగ్గిన 33 నెలలు రేపటి నుంచే కనిపించవు. వచ్చే నెల కూడా అదే 26,992 కట్టాలి. తగ్గేది చివర్లో. 216 వాయిదాలు ఉండాల్సిన చోట 183 ఉంటాయి, 184వ నెలలో చిల్లర బాకీ ఏదో మిగులుతుంది. అందుకే కొందరు ముందుగా కట్టి, రెండు నెలలు చూసి, ఏమీ తగ్గలేదని నిరాశపడతారు. కట్టిన మర్నెల స్టేట్‌మెంట్‌లో వడ్డీ అంకె చూడండి. 21,618 ఉండాల్సింది 20,118 అయి ఉంటుంది. 2 లక్షల మీద ముప్పావలా వడ్డీ 1,500 రూపాయలు అక్కడ తగ్గింది.

గడువు తగ్గించుకోవాలా, ఈఎంఐ తగ్గించుకోవాలా?

బ్యాంకు ఈ రెండిట్లో ఒకటి చేస్తుంది. కొన్నిచోట్ల మీరేమీ చెప్పకపోతే ఈఎంఐ తగ్గిస్తారు, కొన్నిచోట్ల గడువు తగ్గిస్తారు. కాబట్టి ఊరికే డబ్బు వేసి వచ్చేయకండి.

టీచరుగారు అదే 2 లక్షలకు ఈఎంఐ తగ్గించమని అడిగి ఉంటే, అది 26,992 నుంచి 25,119కి దిగేది. నెలకు 1,873 రూపాయలు చేతిలో మిగులుతాయి. గడువు మాత్రం 216 నెలలే. చివరికి వడ్డీలో ఆదా 2 లక్షల 5 వేలు. గడువు తగ్గించుకుంటే ఆదా 6 లక్షల 89 వేలు. అదే డబ్బు, అదే రోజు, తేడా 4 లక్షల 84 వేలు.

అయితే ఈ తేడాని చూసి ఈఎంఐ తగ్గించుకోవడం తెలివితక్కువ పని అనుకోకండి. నెలనెలా మిగిలే ఆ 1,873ని మళ్లీ లోన్‌లోనే కడుతూ పోతే రెండు దారులూ ఒక్కచోటికే చేరతాయి. కానీ నా అనుభవంలో అలా కట్టినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పండక్కో, పిల్లల ఫీజుకో ఆ డబ్బు కరిగిపోతుంది. జీతం స్థిరంగా ఉంటే గడువు తగ్గించుకోండి. ఇంట్లో ఒకరి సంపాదన ఆగేలా ఉంటే, లేదా రిటైర్‌మెంట్ దగ్గరపడితే ఈఎంఐ తగ్గించుకోవడమే మంచిది. ఊపిరాడకుండా చేసుకుని వడ్డీ ఆదా చేయడంలో అర్థం లేదు.

ఏటా ఒక్కసారి 50 వేలు కట్టగలను. అంత చిన్న మొత్తంతో ఏమవుతుంది?

టీచరుగారి భార్య అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల రెండెకరాల కౌలు డబ్బు ఏటా వస్తుంది కాబట్టి అడిగారు. 2 లక్షల సంగతి పక్కనపెట్టి విడిగా లెక్క వేశాం. మొదటి ఏడాది చివరి నుంచి ఏటా 50 వేలు కట్టుకుంటూ పోతే, లోన్ 240 నెలలకు బదులు దాదాపు 174 నెలలకు తీరుతుంది. అంటే పద్నాలుగున్నర ఏళ్లు. అయిదున్నర ఏళ్లు తగ్గినట్టు. ముందుగా కట్టింది మొత్తం 14 సార్లు, 7 లక్షలు. వడ్డీలో ఆదా దాదాపు 10 లక్షల 79 వేలు.

ఈ పద్ధతి మన ప్రాంతానికి బాగా కుదురుతుంది. డబ్బు నెలనెలా కాక పంటపంటకూ వచ్చే ఇళ్లు మనవి. సార్వా డబ్బు సంక్రాంతి ఖర్చులకు పోయినా, దాళ్వా డబ్బులో కొంత పక్కన పెట్టగలిగితే చాలు.

పదేళ్లు దాటిపోయాయి. వడ్డీ చాలావరకు కట్టేశాం కాబట్టి ఇప్పుడు ముందుగా కట్టి లాభం లేదంటారు. నిజమా?

సగమే నిజం. అదే 2 లక్షలు పదేళ్ల తర్వాత, అంటే 120 వాయిదాలు కట్టాక వేస్తే 17 నెలలు తగ్గుతాయి, వడ్డీలో 2 లక్షల 61 వేలు మిగులుతుంది. రెండేళ్లకు వేసినప్పటి 6 లక్షల 89 వేలతో పోలిస్తే తక్కువే. కానీ కారణం వేరు. మీరు కట్టిన ప్రతి రూపాయీ ఎప్పుడైనా ఏడాదికి 9 శాతం వడ్డీనే ఆపుతుంది. మొదట్లో కడితే పద్దెనిమిదేళ్ల పాటు ఆపుతుంది, తర్వాత కడితే పదేళ్లే. ఆపే రేటు మారదు, ఆపే కాలం తగ్గుతుంది. పదేళ్ల తర్వాత కూడా ఆ డబ్బుకు మీ దగ్గర 9 శాతం కంటే మంచి దారి లేకపోతే కట్టడం మంచిదే.

అసలు ముందుగా కట్టకూడని సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి, ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. ఒకాయన బ్యాంకులో ముప్పావలా వడ్డీ బాకీకి 3 లక్షలు కడతానని వచ్చారు. మాటల్లో తేలిందేమిటంటే, ఊళ్లో ఆయనకు రెండు రూపాయల వడ్డీ చొప్పున నోటు మీద తెచ్చిన అప్పు 4 లక్షలు ఉంది. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఆ 3 లక్షలతో ఊళ్లో అప్పు తీరిస్తే నెలకు 6,000 వడ్డీ ఆగుతుంది, ఇంటి లోన్‌లో వేస్తే 2,250 మాత్రమే. ఊళ్లో బాకీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించదు కాబట్టి అది లెక్కలోకి రాదు, అంతే. ముందు రెండు రూపాయలది, తర్వాత రూపాయిన్నరది, ఆ తర్వాతే ఇల్లు.

రొయ్యల చెరువులున్నవారికి ఇంకో మాట. పట్టుబడి డబ్బు ఒక్కసారిగా వస్తుంది, చూడటానికి మిగులులాగే ఉంటుంది. దానిలో తర్వాతి పంటకు పిల్ల, మేత, కరెంటు ఖర్చు కూడా ఉందని మరిచిపోతారు. లోన్‌లో వేసిన డబ్బు తిరిగి రాదు. నెల తిరిగేసరికి మేత అరువు తెచ్చుకుంటే ఆ ధరలోనే వడ్డీ కలిసి ఉంటుంది. ఇలాంటివారికి ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతి గృహరుణం మేలు. అందులో మిగులు డబ్బు లోన్ ఖాతాలో ఉన్నంతకాలం వడ్డీ తగ్గుతుంది, అవసరమైతే తిరిగి తీసుకోవచ్చు. మామూలు లోన్ కంటే వడ్డీ సాధారణంగా కొంచెం ఎక్కువ ఉంటుంది కాబట్టి, ఏడాదిలో కొన్ని నెలలైనా పెద్ద మొత్తం అందులో నిలబడితేనే గిట్టుబాటు.

ముందుగా కడితే బ్యాంకు జరిమానా వేస్తుందా?

వ్యక్తులు సొంత అవసరానికి తీసుకున్న మారే వడ్డీ గృహరుణం మీద వేయకూడదు. బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు 2012లోనే ఈ మాట చెప్పింది. స్థిర వడ్డీ లోన్ అయితే మీ ఒప్పంద పత్రం చూసుకోండి.

డబ్బు సరిగ్గా అసలులోనే జమ అయిందని ఎలా తెలుస్తుంది?

నా సొంత కథ చెప్పాలి. ఉద్యోగంలో ఉండగా వేరే చోట తీసుకున్న ఇంటి లోన్‌లో లక్ష రూపాయలు వేశాను. నాకు తెలియని పనా అని కౌంటర్‌లో చెక్కు ఇచ్చి వచ్చేశాను. వచ్చే నెల నా ఖాతాలో ఈఎంఐ కోత పడలేదు. ఆ తర్వాతి నెలా పడలేదు. మొదట ఏదో పొరపాటు అనుకున్నాను. నిజానికి వాళ్లు నా లక్షను ముందస్తు వాయిదాలుగా పక్కన పెట్టి, నెలకింత చొప్పున దానిలోంచే సర్దుకుంటున్నారు. బాకీ తగ్గలేదు, వడ్డీ మామూలుగానే పడుతోంది. రాసిచ్చిన దరఖాస్తు ఏమీ లేదు కాబట్టి గట్టిగా అడగడానికి నా దగ్గర ఆధారమూ లేదు. సరిచేయించుకోవడానికి నెలన్నర తిరిగాను.

అందుకని ఇప్పుడు అందరికీ చెప్పేది ఇది. ఒక తెల్లకాగితం మీద లోన్ నంబరు, మొత్తం, తేదీ రాసి, "ఈ మొత్తాన్ని అసలులో జమ చేసి, ఈఎంఐ మార్చకుండా గడువు తగ్గించగలరు" అని రాయండి. నకలు మీద ముద్ర వేయించుకోండి. ఫోన్ యాప్‌లో కడితే, వాయిదా చెల్లింపు, పాక్షిక ముందస్తు చెల్లింపు అని రెండు దారులు విడిగా ఉన్నాయేమో చూసి రెండోది ఎంచుకోండి. వారం తర్వాత కొత్త వాయిదాల పట్టిక అడిగి, మూడు అంకెలు చూడండి: బాకీ మీరు కట్టినంత తగ్గిందా, ఈఎంఐ అలాగే ఉందా, మిగిలిన వాయిదాల సంఖ్య తగ్గిందా. మిగిలిన వాయిదాలు అంతే ఉండి ఈఎంఐ తగ్గిందంటే మీ మాట వాళ్లు వినలేదన్నమాట. ఈఎంఐ కోతే పడకపోతే నా కథే మీదీ.

నేనే ఇంట్లో లెక్క వేసుకోవచ్చా?

కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఎక్సెల్ ఉంటే మూడు వరుసలు చాలు. మొదటిది ఈఎంఐ చెబుతుంది, రెండోది మొదటి నెల వడ్డీ, మూడోది ముందుగా కట్టాక ఎన్ని వాయిదాలు మిగులుతాయో.

```
=PMT(0.09/12,240,-3000000)
=IPMT(0.09/12,1,240,-3000000)
=NPER(0.09/12,-26992,2682368)
```

వీటికి జవాబులు 26,992, 22,500, 183.05 వస్తాయి. మీ అంకెలు పెట్టి చూసుకోండి. బ్యాంకు చెప్పినదానికి ఒకటి రెండు నెలల తేడా ఉంటే కంగారు పడకండి. రోజుల లెక్కన వడ్డీ వేసే చోట ఆ మాత్రం తేడా వస్తుంది. పది నెలల తేడా ఉంటే మాత్రం శాఖకు వెళ్లండి.

20 ఏళ్ల లోన్ తీసుకుంటే ఇప్పుడు పట్టికలో ఇంకా 22 ఏళ్లు చూపిస్తోంది. ఎలా?

వడ్డీ రేటు పెరగడం వల్ల. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే మారే వడ్డీ గృహరుణాలు ఎక్కువగా రెపో రేటుతో, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటుతో ముడిపడి ఉన్నాయి. 2022 మే మొదట్లో 4 శాతంగా ఉన్న రెపో రేటు 2023 ఫిబ్రవరికల్లా 6.5 శాతం అయింది. అప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐ ముట్టుకోకుండా గడువు పెంచాయి. చేతిలోంచి పోయే డబ్బు మారలేదు కాబట్టి చాలామంది గమనించలేదు.

మన ఉదాహరణలో 24 నెలల తర్వాత రేటు 9 నుంచి 10 అయిందనుకోండి. ఈఎంఐ అదే ఉంచితే 216 వాయిదాలు 266 అవుతాయి. ఒక్క శాతానికి నాలుగేళ్లకు పైగా పెరిగింది. ఆ నెల 26,992లో వడ్డీకే 24,020 పోతుంది. 2 లక్షలు కట్టి సంపాదించిన 33 నెలల కంటే ఒక్క శాతం పెరుగుదల తినేసిన నెలలు ఎక్కువ.

2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు దీనికి ఒక నియమం పెట్టింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవడమా, గడువు పెంచుకోవడమా, రెండూ కొంత కొంతనా అన్నది అప్పు తీసుకున్నవారు ఎంచుకునే వీలివ్వాలి. మూడు నెలలకొకసారి ఇప్పటిదాకా కట్టిన అసలు, వడ్డీ, ఈఎంఐ, మిగిలిన వాయిదాలు, వడ్డీ రేటు చూపే స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఆ స్టేట్‌మెంట్‌లో నేను ముందు చూసేది మిగిలిన వాయిదాల సంఖ్యనే. మూడు నెలల్లో అది మూడు తగ్గి ఉండాలి. తగ్గలేదంటే రేటు మారింది. రేటు తగ్గినప్పుడు కూడా చూసుకోండి. ఈఎంఐ తగ్గిస్తామని కబురు వస్తే, వద్దు, పాతదే ఉంచండి అని రాసివ్వండి. జేబులోంచి అదనంగా రూపాయి తీయకుండానే గడువు తగ్గుతుంది.

ఇల్లు కట్టడం ఇంకా పూర్తికాలేదు. కడుతున్న వడ్డీ అసలులోకి వెళ్తుందా?

వెళ్లదు. పునాది, శ్లాబు అంటూ దశలవారీగా ఇచ్చిన డబ్బు మీద ఆ కాలంలో వడ్డీ మాత్రమే కట్టించుకుంటారు. పూర్తి ఈఎంఐ మొదలయ్యాకే అసలు కదులుతుంది. మన నేలల్లో వానాకాలం పని ఆగి ఆరు నెలలు ఆలస్యమైతే ఆ ఆరు నెలల వడ్డీ అదనమే.

ముందుగా కడితే ఆదాయపు పన్నులో నష్టమా?

పాత పన్ను విధానంలో ఉన్నవారికే ఈ ప్రశ్న. సొంతంగా నివసించే ఇంటి వడ్డీకి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. టీచరుగారు మొదటి ఏడాది కట్టిన వడ్డీ 2 లక్షల 67 వేలు, అంటే పరిమితి దాటినదానికి ఎలాగూ మినహాయింపు లేదు. ముందుగా కట్టిన అసలు కూడా లక్షన్నర పరిమితిలో ఆ ఏడాదికి లెక్కకు వస్తుంది. కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి ఈ రెండూ లేవు, కాబట్టి వడ్డీని పన్ను కోసం దాచుకోవాల్సిన పనీ లేదు.

మొత్తం తీరిపోయాక ఏం తీసుకోవాలి?

బాకీ లేదన్న పత్రం, తనఖా పెట్టిన అసలు దస్తావేజులు. మొత్తం తీరిన 30 రోజుల్లోగా దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. ఆలస్యం బ్యాంకు వల్లే అయితే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2023 డిసెంబరు నుంచి నియమం ఉంది. తనఖా రిజిస్టరయి ఉంటే దాన్ని రద్దు చేయించి, నెల తర్వాత సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీయించండి. అందులో బ్యాంకు పేరు మీద భారం ఇంకా ఉంటే, ఇల్లు అమ్మబోయే రోజున కొనేవారి లాయరు చూపించే మొదటి కాగితం అదే అవుతుంది.